ఏసీ ఫిల్టర్ కడిగితే బిల్లు ఎందుకు తగ్గుతుంది?

ఏసీ గదిలోని వేడిని లాగి బయట పారేస్తుంది. అందుకు గది గాలి ఫిల్టర్ జాలీ దాటి, లోపలున్న చల్లని కాయిల్‌ను తాకాలి. జాలీకి దుమ్ము పడితే గాలి సరిగా ఆడదు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరగాల్సి వస్తుంది. గంటకు యూనిటున్నర కాల్చే ఏసీ రోజూ ఒక గంట అదనంగా నడిస్తే నెలకు 45 యూనిట్లు దండగ.

దుమ్ము మరీ పేరుకుంటే కాయిల్ మీద మంచు కడుతుంది. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా మంచు కడుతోందంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. గ్యాస్ వాడకంతో అయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు మూయకుండా ఏటా గ్యాస్ నింపించడం నా దృష్టిలో డబ్బు పారబోయడమే.

మరి క్యాలెండర్‌లో ఏం రాసుకోవాలి? ఫిబ్రవరిలోనే మెకానిక్‌తో లోపలి, బయటి కాయిళ్లు కడిగించాలి. ఎండలు ముదిరాక ఆయన దొరకడం కష్టం. నీళ్లు పోయే పైపు కూడా అప్పుడే చూపించండి, అది పూడితే గోడ వెంట నీళ్లు కారతాయి. మార్చి నుంచి జూన్ దాకా రెండు వారాలకోసారి ఫిల్టర్ వంతు. పెద్దవాళ్లు మెయిన్ స్విచ్ ఆపి జాలీ తీసిస్తే, మీరు కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతుంది. తడి పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించాలి.