లెక్క సరిపోయింది, లంబం తప్పింది

లక్షల వరుసలున్న మాత్రిక Aకి ఐగెన్ విలువలు నేరుగా కనుక్కోవడం కష్టం. దాంతో ఒక సదిశను గుణించడం మాత్రం తేలిక. b, Ab, A²b అంటూ గుణిస్తూ పోతే ఏర్పడేదాన్ని, రష్యన్ నౌకా ఇంజనీరు క్రిలోవ్ పేరు మీద, క్రిలోవ్ అంతరాళం అంటారు. చిక్కేమిటంటే, కాసేపటికి ఈ సదిశలన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకు తిరుగుతాయి. వాటిని విడదీసి చూడటం కంప్యూటర్ వల్ల కాదు.

అమెరికన్ ఇంజనీరు వాల్టర్ ఆర్నాల్డీ 1951లో దీనికి దారి చూపాడు. గుణించిన ప్రతిసారీ, వచ్చిన సదిశలోంచి పాత దిక్కుల వాటాను తీసేయాలి. మిగిలినదాని పొడవును 1 చేస్తే, పాతవాటన్నిటికీ లంబంగా కొత్త దిక్కు దొరుకుతుంది. తీసేసిన వాటాలు, మిగిలిన పొడవు ఒక నిలువు వరుసగా రాసిపెట్టుకుంటే హెసెన్‌బర్గ్ మాత్రిక H తయారవుతుంది. వికర్ణం కింద ఒక్క గీత వరకే అంకెలుంటాయి, ఆ కిందంతా సున్నాలే. ఈ చిన్న H ఐగెన్ విలువలే పెద్ద A విలువలకు అంచనాలు.

కాగితం మీద ఇంతే. కంప్యూటర్ మాత్రం ప్రతి ఫలితాన్నీ దాదాపు 16 అంకెలకు కుదిస్తుంది. ఏం జరుగుతుందో చూడటానికి మనం మూడంకెలతోనే చేద్దాం.

A మొదటి వరుస (10, 0.0125), రెండోది (0, 10) అనుకోండి. మొదటి దిక్కు q₁ = (0.6, 0.8). గుణిస్తే (6.01, 8.00). ఇందులో q₁ వాటా 3.61 + 6.40 = 10.01, మూడంకెల్లో 10.0. దాన్ని తీసేస్తే మిగిలేది (0.01, 0). పొడవు 1 చేస్తే q₂ = (1, 0). q₁తో దీని బిందు లబ్ధం సున్నా కావాలి. వచ్చింది 0.6! పెద్ద అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక మిగిలింది చాలావరకు కుదింపు దోషమే.

అసలు మోసం ఇక్కడుంది. 10.0 × q₁ + 0.01 × q₂ కట్టి చూస్తే (6.01, 8.00) అచ్చంగా వస్తుంది. సమీకరణం సరిపోయింది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. లంబం పోయిన సంగతి ఆ సరిచూపులో బయటపడదు. లంబం లేకపోతే Hని నమ్మి చెప్పే విలువలకూ భరోసా లేదు.

మందు మాత్రం సులువు: మిగిలిన (0.01, 0)లోంచి q₁ వాటాను మళ్లీ తీయండి. వాటా 0.006, తీసేస్తే (0.0064, −0.0048), పొడవు 0.008. అప్పుడు q₂ = (0.8, −0.6), q₁కి నిక్కమైన లంబం. దిక్కులు ఎక్కువైనప్పుడు వాటాలను ఒకేసారి కాక ఒక్కొక్కటిగా తీసే సవరించిన గ్రామ్-ష్మిట్ పద్ధతి కొంత మేలే. కానీ పైన ఉన్నది ఒక్క పాత దిక్కే కనుక అదీ ఇక్కడ అదే తప్పు చేస్తుంది. నా ఓటు రెండోసారి తీయడానికే. రెట్టింపు శ్రమ అనిపిస్తే, మిగిలిన పొడవు బాగా కుంచించుకుపోయినప్పుడే చేయొచ్చు. ARPACK చేసేదీ దాదాపు ఇదే.

సొంతంగా ప్రోగ్రాం రాసేవారు దిక్కులన్నిటినీ Vలో పేర్చి, VᵀV − I ఎంత పెద్దదో ఓసారి అచ్చు వేసి చూడండి. 10⁻¹⁵ దరిదాపుల్లో ఉంటే సరే. 10⁻³ కనిపిస్తే H ఇచ్చిన విలువలను వాడకండి.