మేళానికి రెండు పేర్లు

నాటకం మీద ఇష్టమున్న తెలుగువాళ్లలో సురభి పేరు విననివారు అరుదు. అదే శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి అంటే చాలామంది ఒక్క క్షణం ఆలోచిస్తారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కుటుంబం కీచకవధ ఆడింది. అలా మొదలైన నాటక కుటుంబం తరాలు గడిచేకొద్దీ శాఖలైంది. ఆ శాఖలు వేర్వేరు పేర్లతో నాట్యమండళ్లు పెట్టుకున్నాయి. 1937లో ఏర్పడిన వెంకటేశ్వర నాట్యమండలి వాటిలో ఒకటి. ఏ మండలి డేరా వేసినా జనం మాత్రం "సురభి వాళ్లొచ్చారు" అనే అన్నారు. మైలవరం బాలభారతీ సమాజాన్ని కూడా జనం మైలవరం కంపెనీ అనే పిలిచారు. ఒగ్గుకథ దగ్గరికొస్తే ఊరి పేరు కూడా వెనక్కి పోయి చుక్క సత్తయ్య, మిద్దె రాములు అని కథకుడి పేరే నిలిచింది.

జానపద బృందానికి ఎప్పుడూ రెండు పేర్లుంటాయని వీటిని చూస్తే అర్థమవుతుంది. ఒకటి కాగితం మీది పేరు, రెండోది జనం నోటి పేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే ఇప్పటి బృందాలు పేరు దగ్గర తంటాలు పడుతున్నాయి. పెద్దలు కాగితం పేరును కాపాడాలంటారు, కుర్రాళ్లు నోటి పేరు మార్చాలంటారు. ఇద్దరూ తమ తమ మేరకు సరైన మాటే చెబుతున్నారు.

పెద్దలు సంప్రదాయం అనుకునే మాటల్లో చాలావరకు ఒకప్పుడు కొత్తగా వచ్చినవే. 1886లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పెట్టిన సంస్థ పేరు సరసవినోదినీ సభ. 1892లో విజయనగరంలో కన్యాశుల్కాన్ని మొదట ఆడినది జగన్నాథ విలాసినీ సభ. చదువుకున్నవాళ్లు ఒకచోట చేరి నాటకం ఆడటమే కొత్తయిన ఆ రోజుల్లో సభ, వినోదిని, విలాసిని అనే మాటలు పట్నపు పోకడలే. ఊరూరా తిరిగే నాటక సమాజాలకు 'కంపెనీ' అనే మాట కూడా తర్వాత అలాగే అలవాటైంది. 1943లో ప్రజానాట్యమండలి వచ్చాక బుర్రకథ కొత్త ఊపందుకుంది. ఉద్యమాల వాసన ఉన్న 'దళం' అనే మాట ఈ రోజు బుర్రకథకు ఎంత సహజంగా అతికిపోయిందో చెప్పనక్కర్లేదు. కాబట్టి మండలి, సమాజం, కళాబృందం లాంటి తోకల్ని మార్చుకుంటే సంప్రదాయానికి వచ్చే లోటేమీ లేదు.

మార్చకూడనిది ప్రక్రియ పేరు. చిందు యక్షగానం, ఒగ్గుకథ, తోలుబొమ్మలాట అన్న మాటల వెనక ఫలానా కులాలు, కుటుంబాలు, తరాల శ్రమ ఉన్నాయి. చిందు కళాకారులనే చూడండి. వాళ్లు దళితుల్లో ఒక ఉపకులం. జాంబపురాణం ఆడటం వాళ్లకు వంశపారంపర్యంగా వచ్చింది. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ పేరులోనే చిందు ఉంది. 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు దేశమంతా విన్న మాట చిందు యక్షగానమే. దాన్ని తీసేసి 'ఫోక్ థియేటర్' అని రాస్తే కుర్రాళ్లు కొత్తగా వచ్చేదేమీ ఉండదు, ఆ కుటుంబాల ఆనవాలు మాత్రం పోతుంది. ఆ కులానికి చెందని బృందం చిందు నేర్చుకుని ఆడుతుంటే, పేరులో చిందు అని పెట్టుకునే ముందు తమకు నేర్పిన గురువుల్ని అడగాలి. నా దృష్టిలో ఇది మర్యాద కంటే పెద్ద విషయం, హక్కుకు సంబంధించినది.

ఇక పేరు ఎలా కుదురుతుందో చూద్దాం. చింతపల్లి అనే ఊళ్లో ఒక చిందు మేళం ఉందనుకుందాం. రిజిస్టరైన పేరు 'శ్రీ లక్ష్మీనరసింహస్వామి చిందు యక్షగాన కళాకారుల సేవా సంఘం'. జాతరలో మైకువాడు దీన్ని ఎప్పుడూ పూర్తిగా చదవడు. చదివినా హారన్ల మోతలో ఒత్తులన్నీ కలిసిపోయి 'స్వామి', 'సంఘం' తప్ప ఏమీ వినిపించదు. ఫోనులో వెతికేవాడికి యక్షగానం అని కొట్టగానే కర్ణాటక వీడియోలు వరస కడతాయి.

కుర్రాళ్లు మొదట 'చిందు వైబ్స్' అంటారు. అలాంటి పేరుతో డాన్సు క్లాసు పెట్టొచ్చు, బట్టల కొట్టూ పెట్టొచ్చు. ఈ మేళానికే ప్రత్యేకమైనదేదీ అందులో లేదు. తర్వాత ఒక పెద్దాయన, తాము బాగా ఆడే ఆట పేరు పెడదామని 'చెంచులక్ష్మి' అంటాడు. ఆ పేరుతో 1943లో ఒకటి, 1958లో ఒకటి సినిమాలు వచ్చాయి. వెతికితే పాత పాటలే దొరుకుతాయి. పైగా సారంగధర ఆడే రాత్రి ఆ పేరు పొసగదు. వేషానికి కట్టే 'భుజకీర్తులు' అందమైన పేరే, పోస్టరు మీది బొమ్మతోనూ కలుస్తుంది. కానీ ఇంగ్లిషు అక్షరాల్లో ఒకడు bhujakeerthulu అని, ఇంకొకడు bujakirtulu అని కొడతాడు. వెతికినవాడికి మేళం దొరకదు.

చివరికి 'దరువు' దగ్గర ఇద్దరూ కలుస్తారు. యక్షగానం పాడేవాళ్లకు అది పాటలో ఒక రకం. కుర్రాళ్లకు డప్పు మీద దెబ్బ. మూడే అక్షరాలు, మైకులో చెదరవు. చిక్కల్లా 2012లో వచ్చిన సినిమాతోనే. విడిగా పెట్టుకుంటే ఆ సినిమా కింద పడిపోతుంది. ఊరి పేరు ముందు చేరిస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. 'చింతపల్లి దరువు', దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో 'చిందు యక్షగాన మేళం'. కూచిపూడి, సురభి, మైలవరం నడిచిన దారి కూడా ఇదే.

ఖాయం చేసే ముందు రెండు పరీక్షలు చాలు. పదో తరగతి పిల్లవాడికి ఒక్కసారి వినిపించి మర్నాడు అడగాలి. గుర్తుంటే సరే, 'అదేదో డప్పు పేరు' అంటే ఊరి పేరు అతనికి అంటలేదన్నమాట. అప్పుడు పోస్టరు మీద ఊరి పేరును పెద్దగా రాయాలి. రెండోది, మేళంలో అందరికంటే పెద్ద వయసు కళాకారుడు ఆట మొదట్లో ఆ పేరును గొంతెత్తి చెప్పి చూడాలి. ఆయన నాలుక మీద ఇబ్బంది పడే పేరు ఎంత కొత్తగా ఉన్నా వదిలేయాలి. ఏళ్ల తరబడి రాత్రిళ్లు చెప్పాల్సింది ఆయనే.

రిజిస్టరు పేరు జోలికి మాత్రం పోవద్దు. బ్యాంకు ఖాతా, సాంస్కృతిక శాఖ కార్యక్రమాల చెల్లింపులు అన్నీ దాని మీదే ఉంటాయి. అక్షరం తేడా వచ్చినా చెక్కు వెనక్కి వస్తుంది. కొత్తగా సంఘం పెట్టేవాళ్లయితే 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఉన్న సంఘం పేరును పోలిన పేరు ఇవ్వరు. దరఖాస్తుకు ముందే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో పేరు చూసుకోవాలి. ఇంగ్లిషులో Chintapalli Daruvu అని ఒక్క తీరునే తేల్చుకుని యూట్యూబులో, ఫ్లెక్సీ మీద, రసీదు పుస్తకంలో అదే వాడాలి. మొదటి ఏడాది పోస్టర్ల అడుగున పాత సంఘం పేరు కూడా వేస్తే, ఏటా ఆట కట్టించే ఊళ్లవాళ్లు వచ్చింది తమకు తెలిసిన మేళమేనని గుర్తుపడతారు.