గుసగుస వినపడాలి, కేక చెవులు పగలగొట్టకూడదు

ఆడియో కథలు వినేవాళ్లకు అలవాటైన ఇబ్బంది ఒకటుంది. కథలో పిల్ల గొంతు తగ్గించి “తలుపు తియ్యకు” అంటుంది. బస్సు హోరులో ఆ మాట వినపడదు. సౌండు పెంచుతారు. మరుక్షణమే తాత “ఎవరది?” అని గావుకేక పెడతాడు, ఇయర్‌ఫోన్లు పీకేయాల్సి వస్తుంది. చదివినవారి తప్పేమీ లేదు. ఎదురుగా కూర్చుని చెప్పి ఉంటే ఆ రెండు గొంతులూ చక్కగా అమరేవి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పుట్టిన గొంతును బస్సులో, వంటింట్లో, రోడ్డు మీద వినేవాళ్లకు సరిపోయేలా సర్దడానికి సౌండ్ ఇంజనీర్లు కంప్రెసర్‌నీ లిమిటర్‌నీ వాడతారు.

మొదట్లో ఈ పని మనిషే చేసేవాడు. రేడియోలో ఒకరు నాబ్ మీద చెయ్యి వేసుకుని కూర్చుని, గొంతు పెరిగితే తగ్గించడం, తగ్గితే పెంచడం. ఆ చేతి పనిని యంత్రానికి అప్పగించినవాళ్లలో కాలిఫోర్నియాకు చెందిన జిమ్ లారెన్స్ ఒకరు. ఆయన టెలిట్రానిక్స్ కంపెనీ 1960ల్లో తెచ్చిన ఎల్ఏ-2ఏ అనే పెట్టెను స్టూడియోలు ఇప్పటికీ గొంతుల కోసం వాడుతున్నాయి. దాని లోపల ఒక చిన్న కాంతి పలక, దాని ఎదుట వెలుతురును బట్టి మారే రెసిస్టర్ ఉంటాయి. గొంతు పెరిగితే పలక వెలుగుతుంది, వెలుగు పెరిగిన కొద్దీ బయటికి వచ్చే శబ్దం తగ్గుతుంది. వాడేవారి చేతికి ముఖ్యంగా రెండే నాబులు: ఎంత అణచాలి, అణిచాక మొత్తాన్ని ఎంత పెంచాలి.

కంప్యూటర్‌లో వాడే కంప్రెసర్లు చేసేదీ ఇదే. అయితే దీని గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. కంప్రెసర్ గుసగుసను పెంచుతుందనుకుంటారు. నిజానికి అది చేసేది కేకను తగ్గించడం ఒక్కటే. కేక తగ్గాక పైన ఖాళీ ఏర్పడుతుంది కాబట్టి, ఆ ఖాళీ మేరకు మొత్తం రికార్డింగ్‌ను పైకి జరుపుతారు. గుసగుస పెరిగేది అప్పుడు. ఈ క్రమం మనసులో ఉంటే తెర మీద కనిపించే అంకెలు భయపెట్టవు.

ఆ తాతామనవరాళ్ల సన్నివేశాన్నే ఇంట్లో ఒక కథకురాలు రికార్డు చేసిందనుకుందాం. డిజిటల్ రికార్డింగ్‌లో సున్నా డెసిబెల్ అంటే పైకప్పు. అంతకంటే పైకి దారి లేదు కాబట్టి కొలతలన్నీ మైనస్‌లోనే ఉంటాయి. ఆమె మామూలు మాట గరిష్ఠంగా -18 దాకా వచ్చింది. తాత కేక -3ని తాకింది. పిల్ల గుసగుస -38 దాటలేదు. అంటే కేకకీ గుసగుసకీ మధ్య 35 డెసిబెళ్ల దూరం.

కంప్రెసర్‌లో త్రెషోల్డ్ అంటే గీత. గొంతు ఆ గీత దాటితేనే అది కదులుతుంది. రేషియో అంటే దాటినదాన్ని ఎంతకు కుదించాలన్నది. గీతను -24 దగ్గర పెట్టి రేషియో 3:1 అంటే, గీతపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ ఒకటే మిగులుతుంది. -3 దగ్గరున్న కేక గీతను 21 డెసిబెళ్లు దాటింది, అందులో ఏడే మిగిలి -17కి దిగుతుంది. మామూలు మాట ఆరు దాటింది, రెండు మిగిలి -22 అవుతుంది. గుసగుస గీత కిందే ఉంది కాబట్టి దాన్ని తాకనే తాకదు. ముప్ఫై అయిదు డెసిబెళ్ల దూరం ఇరవై ఒకటికి తగ్గింది. బస్సులో వినడానికి అది కూడా ఎక్కువే.

చాలామంది దారి తప్పేది సరిగ్గా ఇక్కడే. రేషియోను 3 నుంచి 8కీ 10కీ పెంచుతారు, గీతను మరీ కిందికి లాగుతారు. అప్పుడు ప్రతి మాటా నొక్కి పట్టినట్టు, ఊపిరాడనట్టు వినిపిస్తుంది. అనుభవమున్న ఎడిటర్లు అలా చేయరు. కంప్రెసర్ వేయకముందే మౌస్ పట్టుకుని, గుసగుస వాక్యాలను విడిగా ఎంచుకుని ఎనిమిది డెసిబెళ్లు పెంచుతారు. కేకలను ఆరు తగ్గిస్తారు. ఇప్పుడు గుసగుస -30, కేక -9. ఆ తర్వాత అదే 3:1 కంప్రెసర్ వేస్తే కేక -19కి దిగుతుంది, గుసగుస -30లోనే ఉంటుంది. మధ్య దూరం పదకొండే. చివర్లో మేకప్ గెయిన్‌తో మొత్తాన్ని 14 డెసిబెళ్లు పైకి జరిపితే గుసగుస -16, మామూలు మాట -8, కేక -5 దగ్గర కూర్చుంటాయి. పెద్ద ఎగుడుదిగుళ్లను చేత్తో సర్ది, చిన్నవాటినే యంత్రానికి వదలడం శ్రమతో కూడిన పని. అయినా ఫలితంలో తేడా మొదటిసారి విన్నప్పుడే తెలిసిపోతుంది.

ఇంత దగ్గరికి తెస్తే కథలో నాటకీయత చచ్చిపోదా? చావదు. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు, గాలి ఒక్కటే రాపిడితో బయటికొస్తుంది. కేకలో స్థాయి పెరుగుతుంది, గొంతు బిగిసి పదునెక్కుతుంది. శబ్దం ఎంత పెద్దదన్నది మారినా ఈ గుణం మారదు. అందుకే మామూలు మాటంత బిగ్గరగా వినిపించే గుసగుసను కూడా చెవి గుసగుసగానే పోల్చుకుంటుంది. అయినా రెంటినీ పూర్తిగా సమం చేయకుండా ఆ పదకొండు డెసిబెళ్ల తేడా ఉంచడం మంచిది. కేక వచ్చినప్పుడు వినేవాళ్లు కాస్త ఉలిక్కిపడాలి మరి.

ఇక కంప్రెసర్ ఎంత త్వరగా స్పందించాలి, ఎంత త్వరగా వదలాలి అన్నది మిగిలింది. మొదటిది అటాక్, రెండోది రిలీజ్. అటాక్‌ను ఒక మిల్లీసెకను చేస్తే క, ట, ప లాంటి హల్లుల మొదటి దెబ్బ కూడా అణిగిపోయి మాటలు మొద్దుబారతాయి. యాభై మిల్లీసెకన్లు చేస్తే కేకలోని మొదటి అక్షరం అదుపు తప్పి దూసుకొస్తుంది. మాటకు పది మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దుకోవచ్చు.

రిలీజ్ ఇంకా చిక్కు పెడుతుంది. తాత “ఎవరది?” అన్న వెంటనే పిల్ల “తలుపు తియ్యకు” అంటుందనుకోండి. రిలీజ్ ఒక సెకను ఉంటే, కేక ఆగిపోయినా కంప్రెసర్ ఇంకా చెయ్యి తీయదు. “తలుపు” అన్న మాట ఆ బరువు కింద నలిగి సగమే వినిపిస్తుంది, “తియ్యకు” దగ్గరికి వచ్చేసరికి గొంతు మెల్లగా పైకి తేలుతుంది. అలా తేలడం వినిపించిందంటే రిలీజ్ నిదానమైందని అర్థం. దాన్ని ముప్ఫై నలభై మిల్లీసెకన్లకు దించితే ఇంకో రోగం పట్టుకుంటుంది. మాటకూ మాటకూ మధ్య పీల్చిన ఊపిరి గుప్పుమని పైకి లేస్తుంది, గొంతులో సన్నటి గరగర చేరుతుంది. నూట యాభై, రెండు వందల మిల్లీసెకన్ల మధ్య ఎక్కడో ఈ సన్నివేశం కుదురుకుంటుంది. ఎల్ఏ-2ఏకి గొంతుల విషయంలో అంత పేరు రావడానికి ఒక కారణం దాని రిలీజే. అణచిన దాంట్లో సగాన్ని సుమారు అరవై మిల్లీసెకన్లలో వదిలేసి, మిగతా సగాన్ని నింపాదిగా వదులుతుంది. ఎక్కువసేపు గట్టిగా అణిచి ఉంటే వదలడానికి ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటుంది.

అన్నీ కుదిరినా, పది మిల్లీసెకన్ల సందులోంచి కొన్ని అక్షరాలు తప్పించుకుని పైకప్పుకు తగులుతాయి. వాటి కోసమే లిమిటర్. ఇది రేషియో అనంతం దాకా పోయిన కంప్రెసర్ లాంటిది. పెట్టిన గీతను దేన్నీ దాటనివ్వదు. సాఫ్ట్‌వేర్ లిమిటర్లు శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ముందుగా చూసుకుంటాయి కాబట్టి అటాక్ బెడద కూడా ఉండదు. ఆడియోబుక్కులకు ఏసీఎక్స్ వేదిక అడిగేది -3 మించకూడదని. పాడ్‌కాస్టులకు ఆపిల్ సూచించేది -1 దాటవద్దని. కథకురాలు -3 దగ్గర గీత పెడితే రెంటికీ సరిపోతుంది. లిమిటర్‌కు పని ఎప్పుడో ఒకసారి, రెండు మూడు డెసిబెళ్లకు మించకుండా పడాలి. ప్రతి వాక్యానికీ దాని మీటరు కదులుతోందంటే ముందరి మెట్లలో ఏదో సరిగా జరగలేదని అర్థం. కంప్రెసర్ దగ్గరికి, అవసరమైతే మౌస్ పని దగ్గరికి తిరిగి వెళ్లాలి.

లిమిటర్ చేయలేని పని కూడా ఒకటుంది. రికార్డు చేసేటప్పుడే కేక సున్నాను తాకి నెత్తి తెగిపోతే, ఆ తెగిన ముక్క ఎక్కడా దొరకదు. లిమిటర్ ఆ పగిలిన శబ్దాన్నే కిందికి దించి ఇస్తుంది. అందుకే రికార్డింగ్ ముందు కథలో అన్నిటికంటే పెద్ద కేకను నిజంగా పెట్టి చూసి, అది -6 దగ్గర ఆగేలా గెయిన్ సర్దుకోవాలి. 24 బిట్ రికార్డింగ్‌లో మామూలు మాట -20 దగ్గరున్నా నష్టమేమీ లేదు.

ఇంట్లో రికార్డు చేసేవాళ్లను అసలు ఏడిపించేది గది చప్పుడు. ఫ్యాన్ ఆపినా పక్కగదిలో ఫ్రిజ్ గొణుగుతూనే ఉంటుంది. అది -62 దగ్గర ఉందనుకుందాం. మేకప్ గెయిన్ 14 వేసిన క్షణాన మాటల మధ్య విరామంలో అది -48కి లేస్తుంది. గుసగుస వాక్యాలకు ముందే ఎనిమిది కలిపాం కాబట్టి అక్కడ -40. పిల్ల గుసగుసలాడుతుంటే వెనక ఫ్రిజ్ ఉప్పెనలా లేచి, ఆమె ఆపగానే దిగిపోతుంది. ఏసీఎక్స్ గది చప్పుడును -60 కంటే కింద ఉంచమంటుంది. ఈ ఫైలు తిరిగొస్తుంది.

మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు, మైకు ముందు కూర్చునే తీరులో ఉంది. జానెడు దూరం నుంచి నాలుగు వేళ్ల దూరానికి జరిగితే గొంతు ఎనిమిది డెసిబెళ్ల వరకూ పెరుగుతుంది, ఫ్రిజ్ పెరగదు. అంటే మౌస్‌తో చేసిన ఆ ఎనిమిదినీ మెడ ముందుకు వంచి సాధించవచ్చు. అంత దగ్గర గాలి మైకును కొడుతుంది కాబట్టి దాని మీదికి కాకుండా పక్కగా మాట్లాడాలి. కేకకు వెనక్కి జరిగి, మూరెడు దూరానికి పోయి, మొహం కొంచెం పక్కకు తిప్పుకుంటే ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది. మరీ వెనక్కి పోతే గది గోడల ప్రతిధ్వని కూడా కేకతో పాటు ఎక్కుతుంది, అది తర్వాత పోదు. గోడ మీద దుప్పటి వేలాడదీసినా ఎంతో మేలు.

చివరగా సరిచూడటం. కంప్రెసర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చేటప్పుడు రెండూ ఒకే బిగ్గరతనంలో ఉండాలి. మేకప్ గెయిన్ వేసినది పెద్దగా వినిపిస్తుంది, పెద్దగా వినిపించేది మంచిగా ఉన్నట్టు అనిపిస్తుంది. దాన్ని తగ్గించి సమానం చేశాకే ఏది బాగుందో తేలుతుంది. తర్వాత ఇయర్‌ఫోన్లు తీసేసి, ఫోను స్పీకరులో సౌండు బాగా తగ్గించి, కుళాయి తిప్పి నీళ్లు పడుతుండగా అదే సన్నివేశం వినాలి. “తలుపు తియ్యకు” అప్పటికీ అందకపోతే రేషియోను ముట్టుకోకుండా ఆ ఒక్క వాక్యాన్నే ఇంకో రెండు డెసిబెళ్లు పెంచి, మళ్లీ మొదటి నుంచి వినాలి.