హైపో క్యాన్ మీద వాక్యం: తెలుగులో పెట్టేటప్పుడు ఏది మారకూడదు?

బెంగళూరు పీణ్యాలో మా మామయ్య పనిచేసే గోదాములో సోడియం హైపోక్లోరైట్ ద్రావణం నిల్వ ఉంటుంది. అక్కడ అందరూ దాన్ని ‘హైపో’ అనే అంటారు. లోడింగ్ పనివాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళు, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళు. సరుకుతో పాటు వచ్చే భద్రతా సమాచార పత్రం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో కన్నడం మాట్లాడే నాకు దాన్ని తెలుగులో పెట్టే పని వచ్చింది. గోడకు అప్పటికే ఎవరో రాసిన ఒక పాత తెలుగు కాగితం అంటించి ఉంది. దాన్ని, మూల పత్రాన్ని పక్కపక్కన పెట్టి చదివితే మన భాషలో ఎక్కడెక్కడ జారిపోతామో బాగా తెలిసింది. అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పత్రం గురించి నాలుగు మాటలు. అందులో 16 విభాగాలుంటాయి. పనివాడికి ముఖ్యంగా కావలసినవి రెండోది (ప్రమాదాలు), నాలుగోది (ప్రథమ చికిత్స), ఆరోది (ఒలికితే ఏం చేయాలి), ఏడోది (నిల్వ), ఎనిమిదోది (గ్లోవ్స్, కళ్ళద్దాలు). ప్రమాదాన్ని చెప్పే వాక్యాలను ఎవరికి తోచినట్టు వాళ్ళు రాయరు. ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఒక్కో వాక్యానికి ఒక్కో సంకేతం ఉంటుంది, H314 లాగా. ఆ వాక్యాల అధికారిక పాఠం ఐక్యరాజ్యసమితి భాషల్లో ఉంది. తెలుగు వాటిలో లేదు. కాబట్టి చూసి రాసుకోవడానికి ఏమీ దొరకదు, మాటలు మనమే ఎంచుకోవాలి. అందుకే తెలుగు వాక్యం పక్కన సంకేతాన్ని అలాగే ఉంచాలి. అనుమానం వచ్చినవాడు మూలంతో పోల్చి చూసుకుంటాడు.

హైపోకి ఉన్న మొదటి వాక్యం H314. చర్మానికి తీవ్రమైన కాలిన గాయాలు, కంటికి హాని కలిగిస్తుందని దాని అర్థం. పాత కాగితంలో ‘చర్మం మండుతుంది’ అని ఉంది. చదవడానికి బాగానే ఉంది కదా! కానీ తెలుగులో మంట అంటే నిప్పు మంటా కావచ్చు, మిరపకాయ మంటా కావచ్చు. కారం చేత్తో కన్ను నలుపుకుంటే వచ్చేదీ మంటే. కాసేపటికి తగ్గిపోతుందిలే అనుకుంటాడు పనివాడు. అలా తగ్గిపోయే చికాకుకు వేరే సంకేతం ఉంది, H315. H314 ఉన్న సరుకుకు H315 భాష రాస్తే ప్రమాదాన్ని ఒక మెట్టు దించినట్టే. అందుకని నేను గాయాన్ని చెప్పేచోట ‘కాలిన గాయాలు’ అన్నాను. ‘మంట’ను H315 ఉన్న సరుకుల కోసమే ఉంచాను. సులభంగా అంటుకునే ద్రవాలకు ‘నిప్పు అంటుకుంటుంది’ అని రాశాను. ఒక అర్థానికి ఒకే మాట, కాగితం చివరిదాకా అదే మాట. కథల్లో ఇలా రాస్తే విసుగొస్తుంది గానీ ఇక్కడ పర్యాయపదాలు వాడితే వేరే ప్రమాదమేమో అనుకుంటారు.

రెండోది ఇంకా సూక్ష్మం. హైపోకి ఆమ్లం తగిలితే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. పాత కాగితంలో ‘ఆమ్లంతో కలపకూడదు’ అని ఉంది. కలపడం సకర్మక క్రియ, అంటే కలిపే మనిషి ఒకడు ఉండాలి. ‘నేనెందుకు కలుపుతాను?’ అంటాడు పనివాడు, అది నిజమే. కానీ గోదాములో ప్రమాదం అలా రాదు. ఒక క్యాన్ కారుతుంది, పక్క వరుసలో ఆమ్లం క్యాన్ కూడా కారుతుంది, నేల మీద రెండూ తగులుతాయి. అందుకే ‘తగిలినా’ అనాలి. ‘ఆమ్లం’ అనే మాట కూడా బడి పుస్తకంలోదే, అక్కడ అందరూ యాసిడ్ అంటారు. మరుగుదొడ్డి కడిగే కొన్ని యాసిడ్ సీసాల్లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది కూడా ఇందులోకే వస్తుందని కింద వేరే వరుసలో రాశాం.

మూడోది మన వ్యాకరణం క్లాసుకు నేరుగా సంబంధించింది. కంట్లో పడితే చేయాల్సిన పనులు మూలంలో వరుసగా మూడు వాక్యాలు: కొన్ని నిమిషాల పాటు నీళ్ళతో జాగ్రత్తగా కడగాలి. కాంటాక్ట్ లెన్సులుంటే, సులభంగా వస్తే తీసేయాలి. కడుగుతూనే ఉండాలి. పాత కాగితం దీన్ని చక్కని తెలుగు వాక్యం చేసింది: ‘లెన్సులుంటే తీసి, కళ్ళను నీళ్ళతో కడగాలి.’ ‘తీసి’ క్త్వార్థకం. అంటే ముందు తీయడం, తర్వాత కడగడం. ఇంగ్లీషులో మొదట ఉన్న నీళ్ళు తెలుగులో చివరికి పోయాయి. కంట్లో హైపో పడ్డవాడు నీళ్ళ దగ్గరికి పోకుండా లెన్సు కోసం వెతుకుతాడు. ఆ కాసేపట్లోనే కన్ను పాడవుతుంది. అత్యవసర సూచనల్లో క్త్వార్థకంతో పనులను గుదిగుచ్చకూడదు. ఒక పని, ఒక వాక్యం, ఒక అంకె.

‘కొన్ని నిమిషాలు’ అంటే మనవాళ్ళకు రెండో మూడో. మా చేతిలోని పత్రం నాలుగో విభాగంలో కనీసం 15 నిమిషాలు అని స్పష్టంగా ఉంది, అందుకని ఆ అంకె వేశాం. అక్కడ లేకపోతే అంకె మనంతట మనం పెట్టకూడదు, భద్రతాధికారిని అడగాలి.

నాలుగోది మింగినప్పుడు. నోరు పుక్కిలించాలి, వాంతి చేయించకూడదు. గొంతును కాల్చుకుంటూ లోపలికి పోయింది మళ్ళీ పైకి వస్తే రెండోసారి కాలుస్తుంది. మన ఇళ్ళలోనేమో ఏది మింగినా ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం అలవాటు. పాత కాగితంలో మాట సరిగ్గానే ఉంది. కానీ వరుస చివర చోటు చాలక ‘వాంతి చేయించ’ ఒక వరుసలో, ‘కూడదు’ కింది వరుసలో పడ్డాయి. తెలుగులో ‘వద్దు’ అనే సంగతి క్రియ చివరే వస్తుంది. కంగారులో మొదటి వరుస ఒక్కటే చదివినవాడు సరిగ్గా తలకిందులు చేస్తాడు. కాబట్టి నిషేధం ఉన్న వాక్యాన్ని ఎక్కడా విరవకుండా ఒకే వరుసలో అచ్చు వేయాలి, ముందు ఎర్రగా ‘వద్దు’ అని ఉండాలి.

రాశాక సరిచూడడం రెండు రకాలుగా చేశాం. మూలం చూడని ఒక స్నేహితురాలు నా తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి రాసింది. మాట తప్పిపోయిన చోట్లు దాంతో దొరుకుతాయి. కానీ చదివేవాడు ఏం చేస్తాడో దాంతో తెలియదు. అందుకని ఇద్దరు లోడింగ్ అన్నలకు కాగితం ఇచ్చి, ‘కంట్లో పడింది అన్నా, ఇప్పుడేం చేస్తావు, చేసి చూపించు’ అన్నాను. ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ అయిందమ్మా అనే అంటారు, అందుకే చేసి చూపించమనాలి. ఇద్దరూ ముందు కుళాయి వైపే నడిచారు. అయితే ఒకన్న ‘పుక్కిలించి’ దగ్గర ఆగి, ‘ఉమ్మేయాలా, మింగాలా?’ అని అడిగాడు. భద్రతాధికారి ఒప్పుకున్నాక ‘ఉమ్మేయాలి’ అని చేర్చాం.

చివరికి గోడకు ఎక్కిన వాక్యాలు ఇవి:

H314: చర్మానికి తీవ్రమైన కాలిన గాయాలు, కంటికి హాని కలిగిస్తుంది.
యాసిడ్ తగిలినా విషవాయువు వస్తుంది.
కంట్లో పడితే: 1. వెంటనే నీళ్ళతో జాగ్రత్తగా కడగాలి. 2. లెన్సులుంటే, సులభంగా వస్తే తీసేయాలి. 3. కడుగుతూనే ఉండాలి, కనీసం 15 నిమిషాలు. 4. డాక్టరు దగ్గరికి పోవాలి.
మింగితే: 1. నీళ్ళతో నోరు పుక్కిలించాలి, ఉమ్మేయాలి. 2. వద్దు! వాంతి చేయించకూడదు. 3. వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

కాగితం అడుగున మూల పత్రం తేదీ కూడా వేశాం. సరఫరాదారు పత్రాన్ని మార్చిన రోజు ఈ తెలుగు కాగితం పాతదవుతుంది. రెండు తేదీలూ కలవకపోతే దాన్ని గోడ మీద నుంచి తీసేసి మళ్ళీ మొదటి వాక్యం నుంచి పోల్చుకోవాలి.