గోర్కీ ‘నేను’ వయసెంత?

మాక్సిమ్ గోర్కీ ఆత్మకథ మూడు భాగాలు. ‘నా బాల్యం’ 1913-14లో వెలువడింది, చివరిదైన ‘నా విశ్వవిద్యాలయాలు’ 1923లో. అంటే రాసిన మనిషి వయసు నలభై అయిదు నుంచి యాభై అయిదు. కథలోని అల్యోషా మాత్రం మొదటి పేజీలో మూడేళ్ల పసివాడు, మూడో భాగానికి ఇరవైకి అటూ ఇటూ ఉన్న కుర్రాడు. ఇద్దరూ తమని తాము ‘నేను’ అనే చెప్పుకుంటారు. తెలుగు చేసేవారికి చిక్కంతా అక్కడే. ఏ వాక్యం పిల్లాడిది, ఏది పెద్దాయనది?

మొదటి అధ్యాయంలో తండ్రిని పాతిపెట్టే ఘట్టం చూడండి. వాన పడుతోంది. గోతి అడుగున నీళ్లు, ఆ నీళ్లలో కప్పలు. రెండు కప్పలు శవపేటిక మూత మీదికెక్కాయి. పెద్దవాళ్లు మట్టి వేస్తుంటే పిల్లాడి ధ్యాసంతా కప్పల మీదే. దీన్ని ‘గోతిలో చిక్కుకున్న ఆ మూగజీవాల దైన్యం నా హృదయాన్ని కలచివేసింది’ అని తెలుగు చేస్తే అర్థం తప్పేమీ కాదు, కానీ మూడేళ్లవాడు మాయమవుతాడు. ‘మట్టి పడుతూనే ఉంది. కప్పలు పైకి రాలేకపోతున్నాయి’ అంటే చాలు. పసివాడికి చావు అంటే ఏమిటో తెలియదు, కప్పకు దారి లేదని తెలుసు. దైన్యం, హృదయం, కలచివేయడం అన్నీ పెద్దాయన సంచిలోవి.

ఇలాంటి చోట తెలుగు చేతిలో ఒక మంచి పనిముట్టుంది, ‘ట’. అల్యోషాకు ముందు కలరా సోకింది. వాడికి సేవ చేస్తూ తండ్రి అదే జబ్బుతో పోయాడు. ఇదంతా ఆ వయసులో వాడు గమనించగలిగింది కాదు, చుట్టూ ఉన్నవాళ్ల మాటల్లో విన్నది. ‘జబ్బు ముందు నాకే వచ్చిందట, నాన్నకు నా నుంచే అంటుకుందట’ అని రాస్తే విన్నవాడి వయసు దానంతటదే పలుకుతుంది. ‘వచ్చింది, అంటుకుంది’ అంటే చరిత్ర చెప్పే పెద్దమనిషి గొంతు. అయితే మోతాదు మించకూడదు. ప్రతి వాక్యానికీ ‘ట’ తగిలిస్తే గొంతు కాస్తా ఊళ్లో కబుర్లుగా దిగజారుతుంది.

తాతయ్య దగ్గర సమస్య వేరు. వారమంతా తప్పులు చేసిన మనవలను శనివారాల్లో బెత్తంతో బాదడం ఆయన రివాజు. ‘శనివారాల్లో కొట్టేవాడు’ అనేది ఏళ్ల తరబడి వెనక్కి చూసే మనిషి వాక్యం. కానీ తెల్లటి బల్లగుడ్డను రంగు తొట్టిలో ముంచినందుకు అల్యోషాకు తెలివి తప్పేదాకా దెబ్బలు పడిన రోజు ఒక్కటే. అక్కడికొచ్చేసరికి ‘కొట్టాడు’ అని తేల్చేయాలి. ‘-ఏవాడు’ అలాగే సాగితే నొప్పి పోయి జ్ఞాపకం మాత్రమే మిగులుతుంది.

ఇంతకీ ‘కొట్టాడా’, ‘కొట్టారా’? రష్యన్ భూతకాల క్రియ ఆడా మగా చెబుతుంది గానీ, మామూలుగా గౌరవం సంగతి చెప్పదు. తెలుగులో తేల్చక తప్పదు. నా ఓటు ‘కొట్టాడు’కే. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ‘తాతయ్య వచ్చాడు’ అనే అంటారు. ‘వచ్చారు’ అనగానే మధ్యలో ఎవరో పెద్దమనిషి దూరి మర్యాద నేర్పుతున్నట్టుంటుంది. దెబ్బలు తిని పడుకున్న మనవడి దగ్గరికి తాయిలాలు తెచ్చి, వోల్గా మీద పడవలు లాగిన తన కుర్రతనం చెప్పేదీ ఆ తాతయ్యే. భయమూ చనువూ రెండూ ఆ ‘డు’లో ఇముడుతాయి.

రెండో భాగంలో పడవ మీద వంటవాడు స్మూరి కుర్రాడి చేత పుస్తకాలు చదివిస్తాడు. అప్పటి నుంచి పుస్తకాల మాటలు వాడి నోట వచ్చినా తప్పులేదు.

అనువాదకుల చేతులు ఎక్కువగా జారేది మూడో భాగంలో. అమ్మమ్మ పోయిన సంగతి కజాన్‌లో ఉన్న అలెక్సీకి ఆలస్యంగా, ఉత్తరం ద్వారా తెలుస్తుంది. ఏడవలేదు. చెప్పుకోవడానికి మనిషి లేడు. కొడుకు చావును గుర్రానికి చెప్పుకునే బండివాడి గురించి చెహోవ్ రాసిన కథ చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు ఆ రోజులు గుర్తొచ్చి, తనకు గుర్రమైనా లేకపోయిందనీ, రొట్టెల దుకాణంలోని ఎలుకలకైనా చెప్పుకోవాలని తోచలేదనీ అంటాడు. 1887 డిసెంబరులో పందొమ్మిదేళ్ల వయసులో తుపాకీతో కాల్చుకున్న సంగతి కూడా అంతే. కొద్ది వాక్యాల్లో, తన మీద తనే కాస్త నవ్వుకుంటూ ముగిస్తాడు. ఇక్కడ ‘గుండె పగిలింది’, ‘శోకసముద్రం’ లాంటివి చేరిస్తే అది అనువాదకుడి దుఃఖమే, గోర్కీది కాదు. ఆ పొడి వాక్యాలను పొడిగానే వదలాలి.

ఈసారి ఏ ఆత్మకథ అనువాదమైనా చేతికొస్తే, బాల్యంలోంచి ఒక పేజీ, నడివయసులోంచి ఒక పేజీ పక్కపక్కన పెట్టి పైకి చదవండి. రెండూ ఒకే నోట పలికితే మూలాన్ని అనుమానించే ముందు అనువాదాన్ని అనుమానించండి.