స్టాక్ అలర్ట్ రోజుకి మూడు చాలు: కిరాణా అంగడికి మినిమం స్టాక్ నంబర్ పెట్టే పద్ధతి

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఇంట్లో అంగడి ఉన్న పిల్లల కోసం. అంగడి నాన్నది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది అమ్మ, బిల్లింగ్ యాప్ మాత్రం మీ ఫోన్‌లో. యాప్‌లో "లో స్టాక్" అలర్ట్ ఆన్ చేశారు. మొదటి రోజు బాగుంది. రెండో రోజు నలభై నోటిఫికేషన్లు. వారం తిరిగేసరికి మ్యూట్. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. ఆ నలభైలో బియ్యం అయిపోతోందని చెప్పేది కూడా ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. బియ్యం కోసం వచ్చిన ఇంటివాళ్లు పక్క అంగడికి పోతే, పప్పు, నూనె, చక్కెర కూడా అక్కడే కొంటారు.

వెంకటాచలంలో హైవే పక్కన ఒక మామూలు కిరాణా అంగడి అనుకుందాం. యాప్‌లో మొత్తం 420 ఐటమ్స్ ఉన్నాయి. కొన్ని సరుకులు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ నుంచి వస్తాయి, కొన్ని కంపెనీ లైన్ మీద వస్తాయి. లెక్కలన్నీ ఉదాహరణకే. మీ అంగడి నంబర్లు మీరు పెట్టుకోండి.

అన్నిటికీ 10 పెడితే ఏమవుతుంది

చాలామంది చేసేది ఇదే. ఐటమ్ యాడ్ చేసేటప్పుడు వ్యాపార్ యాప్‌లో Min Stock To Maintain అని, జోహో ఇన్వెంటరీలో Reorder Point అని ఒక గడి కనిపిస్తుంది. వెర్షన్‌ని బట్టి పేరు కాస్త మారొచ్చు. అందులో అన్నిటికీ 10 కొట్టేస్తాం.

ఇప్పుడు చూడండి. 5 లీటర్ల నూనె క్యాన్లు అంగట్లో ఎప్పుడూ నాలుగే ఉంటాయి. అంటే ఆ ఐటమ్ పుట్టినప్పటి నుంచీ లో స్టాకే. రూపాయి షాంపూ ప్యాకెట్లు 10 అంటే అరపూట అమ్మకం. ఆ అలర్ట్ వచ్చేసరికి సరుకు దాదాపు అయిపోయినట్టే. ఇక బియ్యం సంగతి. 2022 జులై 18 నుంచి 25 కేజీల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక, మన దగ్గర 26 కేజీల బస్తాలు మామూలైపోయాయి. యాప్‌లో యూనిట్ బస్తా అయితే 10 అంటే 260 కేజీలు. యూనిట్ కేజీ అయితే అదే 10 అంటే ఒక ఇంటికి సరిపడా కూడా కాదు. బస్తా విప్పి లూజుగా అమ్మే అంగడి అయితే యూనిట్ కేజీలోనే పెట్టండి. నంబర్ గురించి ఆలోచించడం ఆ తర్వాతే.

అసలు ఎన్ని ఐటమ్స్ మోగాలి

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, దీన్ని చాలామంది వెయ్యరు. మీరు ప్రతి నంబర్‌నీ పక్కాగా పెట్టారనుకోండి. ఒక్కో ఐటమ్ సగటున పది రోజులకు ఒకసారి తెప్పించాలి. అంటే పది రోజులకు ఒకసారి న్యాయంగానే మోగుతుంది. 420 ఐటమ్స్‌ని 10తో భాగిస్తే రోజుకి 42 అలర్ట్‌లు! ఒక్కటి కూడా తప్పు అలర్ట్ కాదు, అయినా వరదే. అందుకే నంబర్ పెట్టే ముందు, ఏ ఐటమ్ మోగాలో, ఏది మోగకూడదో తేల్చుకోవాలి.

మన అంగడిని నాలుగు గుంపులు చేద్దాం. పాలు, పెరుగు, బ్రెడ్ లాంటివి 15. వాటి బండి రోజూ పొద్దున్నే వస్తుంది, కాబట్టి అలర్ట్ అక్కర్లేదు. నెలకు ఒకటి రెండు కూడా కదలనివి 110. అవి అయిపోతే కొంపలు మునగవు, నెలకోసారి లిస్టు చూస్తే చాలు. కంపెనీ లైన్ మీద వచ్చే సబ్బులు, బిస్కెట్లు, టీ పొడి 260. మిగిలినవి 35. ఇవి బియ్యం, కందిపప్పు, చక్కెర, నూనె లాంటివి. మనం ఫోన్ కొడితే ఎప్పుడైనా వస్తాయి, లేకపోతే గిరాకీ పోతుంది.

అలర్ట్ పూర్తిగా పనిచేయాల్సింది ఈ 35కే. 35ని 10తో భాగిస్తే రోజుకి మూడో నాలుగో. అన్ని అయితే నాన్న కూడా చూస్తాడు.

ఎప్పుడైనా తెప్పించుకునే సరుకుకి నంబర్

బియ్యాన్నే తీసుకుందాం. హోల్‌సేల్‌కి ఫోన్ చేసిన రెండో రోజుకి ఆటోలో బస్తాలు దిగుతాయి. ఆ రెండు రోజులూ అంగట్లో ఉన్న సరుకుతోనే గడవాలి. కాబట్టి మనం పెట్టే నంబర్ ఆ రెండు రోజుల అమ్మకాన్ని మోయాలి.

సగటున రోజుకి 40 కేజీలు పోతుందంటే, రెండు రోజులకి 80 అని పెట్టాలనిపిస్తుంది. కానీ జీతాలు పడే మొదటి వారంలో 80 సరిపోదు. సగటు అంటేనే కొన్ని రోజులు అంతకంటే ఎక్కువ పోతుందని అర్థం. అందుకే యాప్‌లో ఐటమ్ వారీ సేల్ రిపోర్ట్ తెరిచి గత రెండు నెలలు చూడండి. వరసగా వచ్చిన ఏ రెండు రోజుల్లో ఎక్కువ పోయింది? పండగ రోజో, పెళ్లివాళ్లు ఒకేసారి ఎత్తుకెళ్లిన రోజో ఉంటే దాన్ని పక్కన పెట్టండి. మిగిలిన వాటిలో పెద్దది 130 కేజీలు అనుకుందాం. అదే మన నంబర్. 26 కేజీల బస్తాలైతే సరిగ్గా ఐదు. కళ్లతో చూసినా తెలిసిపోతుంది.

తెప్పించే పరిమాణం కూడా ముఖ్యమే. 130 దగ్గర అలర్ట్ వచ్చింది, మీరు రెండు బస్తాలే తెప్పించారు. మామూలు రోజుల్లో అయితే ఆటో వచ్చేసరికి 50 కేజీలు మిగులుతాయి, వాటికి 52 కలిస్తే 102. మళ్లీ 130 లోపే. అంటే అలర్ట్ ఆరదు. అదే పది బస్తాలు తెప్పిస్తే 310 అవుతుంది, కొన్ని రోజులు నిశ్శబ్దం.

లైన్ సరుకుకి వేరే లెక్క

ఇది అందరూ పొరపాటు పడే చోటు. సేల్స్‌మన్ ప్రతి మంగళవారం వచ్చి ఆర్డర్ రాసుకుంటాడు, బుధవారం సరుకు దిగుతుంది. బట్టల సబ్బు రోజుకి 5 పోతుంది. ఈ మంగళవారం ఆర్డర్ ఇస్తే, వచ్చే వారం బుధవారం దాకా ఎనిమిది రోజులు నడవాలి. ఎనిమిది ఐదులు నలభై, చేతిలో ఇంకో 15 ఉంచుకుందాం, మొత్తం 55. అంటే మంగళవారం అంగట్లో ఉన్నదీ, ఆర్డర్ ఇచ్చేదీ కలిపి 55 ఉండాలి.

ఈ 55ని యాప్‌లో మినిమం స్టాక్‌గా పెడితే మాత్రం చిక్కే. బుధవారం కొత్త సరుకు దిగాక కూడా అరలో ఉండేది 50. అంటే ఏ రోజు చూసినా లో స్టాకే. పైగా గురువారం అలర్ట్ వస్తే ఏం చేస్తారు? సేల్స్‌మన్ మంగళవారం దాకా రాడుగా.

కాబట్టి 55 అనేది సోమవారం రాత్రి లిస్టు చూసి ఆర్డర్ రాసుకునే లెక్క. దాన్ని ఒక పుస్తకంలోనో, షీట్‌లోనో పెట్టుకోండి. యాప్‌లో పెట్టాల్సింది ఎమర్జెన్సీ నంబర్. లైన్ వచ్చేదాకా ఆగలేక స్టోన్‌హౌస్‌పేట పోయి తెచ్చుకోవాలంటే ఒకటి రెండు రోజులు టైమ్ కావాలి, అంటే 10 సబ్బులు. మామూలు వారంలో బుధవారం పొద్దున సరుకు దిగే ముందు కూడా 15 ఉంటాయి కాబట్టి ఇది మోగదు. మోగిందంటే నిజంగా ఏదో జరిగిందని అర్థం. ఇది కూడా బాగా పోయే ఇరవై ఐటమ్స్‌కే పెట్టండి, మిగతా 240కి ఖాళీగా వదిలేయండి.

ఆర్డర్ ఇచ్చాక కూడా మోగుతుంటే

ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేశారు, సరుకు రేపు వస్తుంది, అయినా యాప్ మోగుతూనే ఉంటుంది. ఎందుకంటే అది అరలో ఉన్నదే చూస్తోంది, దారిలో ఉన్నది చూడట్లేదు. మీ యాప్‌లో పర్చేజ్ ఆర్డర్ రాసే వీలుంటే, దాన్ని అలర్ట్ లెక్కలో కలుపుతుందో లేదో ఒక ఐటమ్ మీద టెస్ట్ చేసి చూడండి. కలపకపోతే ఆ 35 ఐటమ్స్‌కి గూగుల్ షీట్ చాలు. C కాలమ్‌లో ఉన్న స్టాక్, D లో మన నంబర్, E లో ఆర్డర్ ఇచ్చి ఇంకా రాని సరుకు.

```
=IF(C2+E2<=D2,"ORDER","")
```

సరుకు దిగాక E ని సున్నా చేసి, C ని పెంచాలి. అది మర్చిపోతే షీట్ అబద్ధం చెప్తుంది.

నంబర్ సరైనదేనా అని ఎలా తెలుస్తుంది

నాలుగు వారాలు ఒక పని చేయండి. అలర్ట్ వచ్చిన ప్రతిసారీ అర దగ్గరికి వెళ్లి చూడండి. అలర్ట్ వచ్చింది, అరలో మాత్రం సరుకు నిండుగా ఉంది అంటే తప్పు నంబర్‌ది కాదు. కొనుగోలు బిల్లు ఎవరో ఎక్కించలేదు. స్టాక్ మైనస్‌లో కనిపిస్తే కూడా చాలావరకు ఇదే కారణం. అలర్ట్ నిజమే, అయినా మీరు "తర్వాత చూద్దాంలే" అని రెండుసార్లు వదిలేశారంటే నంబర్ ఎక్కువైంది, లేదా ఆ ఐటమ్ ఆ లిస్టులో ఉండాల్సింది కాదు. అలర్ట్ రాకుండానే సరుకు అయిపోతే నంబర్ తక్కువైంది, లేదా బిల్లు వెయ్యకుండా సరుకు పోతోంది.

చివరిగా సీజన్. మనది హైవే ఊరు, ఎండాకాలంలో నీళ్ల బాటిళ్ల అమ్మకం మారిపోతుంది. ఏప్రిల్‌లో ఆ నంబర్ పెంచి, వానలు పడ్డాక దించండి. నవంబర్, డిసెంబర్‌లో మారేది అమ్మకం కాదు, సరుకు వచ్చే టైమ్. 2021 నవంబర్ వరదల్లో కోవూరు వైపు హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. విజయవాడ వైపు నుంచి రావాల్సిన సరుకు అలాంటప్పుడు నెల్లూరుకే రాదు, మనదాకా ఎలా వస్తుంది? అందుకే ఆ రెండు నెలలు బియ్యం, పప్పు, నూనెకి రెండు రోజుల బదులు నాలుగు రోజుల అమ్మకం లెక్క వెయ్యండి. 35 ఐటమ్స్‌లో మార్చాల్సింది ఐదో ఆరో, పావుగంట పని.

ఈ రాత్రికి ఒక్కటి చేయండి. యాప్‌లో అన్ని ఐటమ్స్ మినిమం స్టాక్ తీసేసి, ముందు బియ్యానికి ఒక్కదానికి పై పద్ధతిలో నంబర్ పెట్టండి. మీ అంగట్లో ఆ నంబర్ ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి, యూనిట్ కూడా రాయడం మర్చిపోకండి. ఉంటాను.