నల్ల గీత ముదురుగా ఉంటే మూలకం ఎక్కువున్నట్టేనా?

సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఆ రంగుల పట్టీని బాగా సాగదీసి చూస్తే దాని మీద సన్నని నల్ల గీతలు వందల్లో కనిపిస్తాయి. 1814లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ వాటిని ఓపిగ్గా గుర్తించి పటం గీశారు. అవి ఎలా పుడుతున్నాయో 1859లో కిర్కాఫ్, బున్సెన్ కలిసి తేల్చారు. లోపలి నుంచి వచ్చే కాంతి నక్షత్రపు పై పొరల్లోని వాయువులను దాటుకుని రావాలి. ఆ దారిలో ఒక్కో మూలకం తనకు సరిపడే రంగులనే పీల్చుకుంటుంది. పీల్చుకున్న చోట నల్ల గీత మిగులుతుంది. ప్రయోగశాలలో సోడియం గీతలు ఎక్కడ పడతాయో తెలుసు కాబట్టి, సూర్యుడిలో అదే చోట గీత కనిపిస్తే అక్కడా సోడియం ఉందన్నమాట.

ఏ మూలకం ఉందో చెప్పడం ఇలా తేలికే. ఎంత ఉందో చెప్పడమే కష్టం. సూర్యుడి వర్ణపటంలో కాల్షియం గీతలు చాలా ముదురుగా, వెడల్పుగా ఉంటాయి. వాటి ముందు హైడ్రోజన్ గీతలు వెలవెలబోతాయి. అదే అభిజిత్ నక్షత్రంలో హైడ్రోజన్‌దే రాజ్యం, కాల్షియం గీతలు పలచన. అలాగని ఈ రెండూ వేర్వేరు పదార్థాలతో తయారయ్యాయా? కాదు. తేడా అంతా వేడిలో ఉంది.

కంటికి కనిపించే రంగుల్లో గీత వేయాలంటే హైడ్రోజన్ పరమాణువులోని ఎలక్ట్రాన్ ముందే ఒక మెట్టు పైకి ఎక్కి ఉండాలి. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. ఆ వేడికి అలా ఎక్కి ఉండేది ఇరవై కోట్ల పరమాణువుల్లో ఒకటి మాత్రమే. 9,000 డిగ్రీలు దాటిన అభిజిత్‌లో ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాల్షియం సంగతి వేరు. సూర్యుడి వేడికి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కాల్షియం దాదాపు అంతా కాంతిని పీల్చడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే 4 లక్షలకు పైగా హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి చొప్పున ఉన్నా, కాల్షియమే ముదురు గీత వేస్తుంది.

ఏ వేడికి ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్‌ను కోల్పోతాయో లెక్కగట్టే సూత్రం 1920లో మేఘనాథ్ సాహా ఇచ్చారు. దాన్ని పట్టుకుని హార్వర్డ్‌లో సిసీలియా పేన్ 1925లో నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజనే అని లెక్క తేల్చారు. పెద్ద శాస్త్రవేత్త హెన్రీ రసెల్ ఒప్పుకోలేదు. ఆ ఫలితం నిజం కాకపోవచ్చని ఆమె తన సిద్ధాంత గ్రంథంలోనే రాయవలసి వచ్చింది. ఆమె లెక్కే సరైనదని 1929లో రసెలే మరో దారిలో నిర్ధారించారు. సరైన లెక్క చేసిన మనిషి చేతే దాన్ని అనుమానించేలా చేయడం నాకు ఇప్పటికీ బాధగా అనిపిస్తుంది.

గీత ఎంత ముదురో చూస్తే వేడి, పరిమాణం తెలుస్తాయి. ఎంత పక్కకు జరిగిందో చూస్తే వేగం తెలుస్తుంది. నక్షత్రం మన వైపు వస్తుంటే గీతలన్నీ నీలం వైపు, దూరమవుతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. హైడ్రోజన్ ఎర్ర గీత ప్రయోగశాలలో 656.28 నానోమీటర్ల దగ్గర పడుతుంది. అభిజిత్‌లో అది సుమారు 656.25 దగ్గర ఉంటుంది. అంటే ఆ నక్షత్రం సెకనుకు దాదాపు 14 కిలోమీటర్ల వేగంతో మనకు దగ్గరవుతోంది. అయితే భూమి కూడా సూర్యుడి చుట్టూ పరుగెడుతూనే ఉంది. ఆ పరుగులో అభిజిత్ దిశలో పడే భాగం కూడా గరిష్ఠంగా 14 కిలోమీటర్లే. కాబట్టి ఏడాదిలో ఒక సమయంలో గీత అసలు జరగనట్టే కనిపిస్తుంది, ఆరు నెలల తర్వాత రెట్టింపు జరిగినట్టు కనిపిస్తుంది. చూసిన తేదీని బట్టి భూమి వాటాను తీసేశాకే నక్షత్రం అసలు వేగం తేలుతుంది. అదీ మన వైపు వచ్చే వేగం మాత్రమే. పక్కకు కదిలే వేగం ఈ గీతల్లో కనబడదు. దానికి ఆకాశంలో నక్షత్రం స్థానాన్ని ఏళ్ల తరబడి కొలవాలి.